మా ఊరు ఏ పీహెచ్‌సీ పరిధిలోది? కచ్చితమైన స్థలం, వేళలు తెలుసుకోవడం ఎలా?

గాజువాక_రమణ

అందరికీ నమస్కారం. మా అమ్మా నాన్నా సంతకవిటి మండలంలోని ఒక చిన్న గ్రామంలో ఉంటున్నారు. నాన్నగారికి 68 ఏళ్ళు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ నా దగ్గరే గాజువాకలో ఉండి ఇక్కడే మందులు వాడేవారు. ఈ మధ్యే ఊరికి వెళ్ళిపోయారు కనుక ఇకమీదట నెలనెలా మందులు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తీసుకోవాలని అనుకున్నాం.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి వెతికితే మా ఊరి చుట్టూ మూడు గుర్తులు కనిపించాయి. ఒకటి మండల కేంద్రంలో ఉంది. రెండోది 9 కిలోమీటర్ల దూరంలో, ‘ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్’ అనే పేరుతో ఉంది. మూడోది అన్నిటికన్నా దగ్గరగా, 4 కిలోమీటర్లలో ఉన్నట్టు చూపిస్తోంది కానీ అది నాగావళికి అవతల, బూర్జ మండలంలో ఉంది. పోయిన వారం నాన్నగారు ఆటో కట్టించుకుని రెండోదానికి వెళ్తే తలుపుకు తాళం వేసి ఉందట. మ్యాప్‌లో మాత్రం ఆ సమయానికి ‘తెరిచి ఉంది’ అనే చూపించింది. రానూపోనూ ఆటోకు మూడు వందలు అయ్యాయి, అది వేరే సంగతి.

మా ఊరు నిజంగా ఏ పీహెచ్‌సీ కిందికి వస్తుందో, అది సరిగ్గా ఎక్కడ ఉందో, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు పనిచేస్తుందో నిర్ధారణగా తెలుసుకునే మార్గం ఉంటే చెప్పగలరు.

పటాల_మూర్తి

రమణ గారూ, ఇందులో తికమక పడవలసిందేమీ లేదనుకుంటాను. పీహెచ్‌సీలను జనాభాను బట్టి, మైదాన ప్రాంతంలో ముప్ఫై వేల మందికి ఒకటి చొప్పున ఏర్పాటు చేస్తారు కాబట్టి, సాధారణంగా మీకు ఏది దగ్గరైతే అదే మీది. అయితే మ్యాప్ చూపే దూరం ఏ దూరమో ముందు గమనించండి. ఆ 4 కిలోమీటర్లు పక్షి ఎగిరే దూరం అయి ఉంటుంది. మధ్యలో ఏరు ఉంది కదా. వంతెన ఎక్కడుందో చూసుకుని, రోడ్డు మార్గం ఎంపిక చేసి మళ్ళీ కొలవండి. అప్పుడు మండల కేంద్రంలోనిదే దగ్గర అని తేలవచ్చు.

టెక్కలి_రైతు

రమణ గారూ, కుక్క కరిస్తే ఏ పరిధీ చూడనక్కర లేదండి. మా అబ్బాయిని పొలం గట్టు మీద కుక్క కరిచినప్పుడు మా మండలం కాని పీహెచ్‌సీకి తీసుకువెళ్ళాను. అక్కడ ఆధార్ కార్డు అడిగారు తప్ప, మీ ఊరు మా పరిధిలోది కాదని అనలేదు. సూది వేసి, మిగిలిన మోతాదులకు తేదీలు చీటీ మీద రాసి ఇచ్చారు. కరిచిన చోట వెంటనే సబ్బుతో కారే నీటి కింద పావుగంట కడగాలని కూడా అక్కడే చెప్పారు. మీరు కూడా ఏది తెరిచి ఉంటే దానికి వెళ్ళండి.

గాజువాక_రమణ

ధన్యవాదాలండి, కానీ మా ఇంట్లో ఎవరినీ కుక్క కరవలేదు. నాన్నగారి నెలవారీ మందుల గురించి అడిగాను.

విశ్రాంత_సూపర్‌వైజర్

నేను ఆరోగ్య శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా క్షేత్రస్థాయిలో పనిచేసి పదవీ విరమణ చేశాను. టెక్కలి రైతు గారు చెప్పినది ఆయన సందర్భానికి సరైనదే. ఓపీ చీటీ రాయించుకుని డాక్టరుకు చూపించుకోవడానికి ఏ ఊరి వారైనా ఏ పీహెచ్‌సీకైనా వెళ్ళవచ్చు. కానీ రమణ గారి నాన్నగారి అవసరం వేరు. దీర్ఘకాలిక రోగుల పేర్లు పరిధి ప్రకారమే జాబితాలో ఎక్కుతాయి. ఊరికి వచ్చే 104 వాహనంలో ఎవరికి మందులు ఇవ్వాలి, మంచం పట్టిన వారి ఇంటికి డాక్టరు ఎప్పుడు వెళ్ళాలి, వరుసగా రెండు నెలలు రాని వారిని ఎవరు వాకబు చేయాలి అన్నవన్నీ ఆ జాబితాను పట్టుకునే నడుస్తాయి. పరిధి బయటి పీహెచ్‌సీకి వెళ్తే ఆ పూటకు మాత్రలు దొరకవచ్చు గానీ, మరుసటి నెల ఆయన రాకపోతే అక్కడ అడిగే నాథుడు ఉండడు.

మూర్తి గారు దూరం గురించి చెప్పినది సగం వరకే నిజం. ఊరిని నేరుగా పీహెచ్‌సీకి కలపరు. ఊరు ముందు ఒక ఉప కేంద్రానికి చెందుతుంది, ఆ ఉప కేంద్రం ఒక పీహెచ్‌సీకి చెందుతుంది. మైదానంలో ఉప కేంద్రానికి ఐదు వేల జనాభా, గిరిజన ప్రాంతంలో మూడు వేలు అన్నది పాత కొలమానం. ఆ గీతలు గీసినప్పుడు ఉన్న రోడ్లు వేరు, ఇప్పుడున్న రోడ్లు వేరు. అందుకే కొత్త రోడ్డు పడి పక్క పీహెచ్‌సీ దగ్గరైనా, కాగితం మీద ఊరు పాత దాని కిందనే ఉండిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. కనుక “మా పీహెచ్‌సీ ఏది” అని మొదలుపెట్టకుండా “మా ఉప కేంద్రం ఏది, అక్కడి ఏఎన్‌ఎం ఎవరు” అని మొదలుపెట్టండి.

దీనికి చేతికందే ఆధారం ఒకటి ఉంది. వీధిలో చంటిబిడ్డ ఉన్న ఏ ఇంట్లోనైనా తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటుంది. దాని మొదటి పుటల్లోనే ఆశా పేరు, ఏఎన్‌ఎం పేరు, ఉప కేంద్రం పేరు, పీహెచ్‌సీ పేరు రాయడానికి గళ్ళు ఉంటాయి. వాటిని ఏఎన్‌ఎమ్మే తన చేత్తో నింపుతుంది కాబట్టి ఏ వెబ్‌సైటు కన్నా అది తాజాగా ఉంటుంది.

మరొక హెచ్చరిక కూడా చేయాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సంతకవిటి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వెళ్ళాయి. అంతకు ముందు తయారైన జాబితాలు ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని నమ్మి శ్రీకాకుళంలోని డీఎంహెచ్‌ఓ కార్యాలయానికి ఫోన్ చేస్తే, మీ మండలం ఇప్పుడు మాది కాదు, విజయనగరంలో అడగండి అంటారు.

గాజువాక_రమణ

మీరు చెప్పినట్టే చేశాను, సూపర్‌వైజర్ గారూ. మా పక్కింటి వారి కోడలికి ఏడు నెలల పాప ఉంది. అమ్మ ఆ కార్డు అడిగి తీసుకుని, దాని పుట వాట్సాప్‌లో ఫోటో తీసి పంపింది. అంచులు నలిగిపోయి, ఒక మూల పసుపు మరక అంటుకుని ఉంది కానీ నీలం సిరాతో రాసిన అక్షరాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. చిక్కేమిటంటే, పీహెచ్‌సీ అన్న గడిలో మా మండలంలోని పేరు కాకుండా పొందూరు మండలంలోని ఒక ఊరి పేరు ఉంది. మ్యాప్ చూపిన మూడింటిలో అది అసలు లేనే లేదు. ఇప్పుడు నాలుగోది వచ్చి చేరింది. పొందూరు ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది కదా, మరి మా ఊరు పక్క జిల్లా పీహెచ్‌సీ కింద ఎలా ఉంటుంది?

సచివాలయం_చిన్నది

రమణ గారూ, నేను ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఆ కోడలి పుట్టిల్లు ఎక్కడ?

మన వైపు తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్తారు. చాలామంది మూడో నెలలోనే పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదు చేయించుకుంటారు. కార్డు అక్కడే ఇస్తారు కనుక దాని మీద పుట్టింటి పీహెచ్‌సీ పేరే పడుతుంది. బిడ్డతో అత్తవారింటికి వచ్చాక కూడా అదే కార్డుతో టీకాలు వేయించుకుంటారు తప్ప ఆ గడిని దిద్దరు. కార్డు చూసేటప్పుడు అందులో తల్లి చిరునామా ఏ ఊరిదో కూడా తప్పకుండా చూడాలి.

గాజువాక_రమణ

మీరు చెప్పినదే నిజం. ఆ అమ్మాయి పుట్టిల్లు పొందూరు దగ్గరే. అమ్మ ఆ విషయం విని, “ఆ మాట నన్నడిగితే ముందే చెప్పేదాన్ని కదా” అని విసుక్కుంది.

విశ్రాంత_సూపర్‌వైజర్

ఆ మాట ముందే చెప్పవలసింది నేను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇదే పొరపాటు వల్ల మా సర్వేలో ఒకే గర్భిణి పేరు రెండు ఊళ్ళలో లెక్కకు వచ్చేది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే మెట్టిన అమ్మాయి కార్డు అయినా, రెండో కాన్పు అత్తవారింట్లో జరిగిన తల్లి కార్డు అయినా సరిపోతుంది. అంత వెతుకులాట ఎందుకు అనుకుంటే నేరుగా ఆశా కార్యకర్తనే అడగండి. ఆమె ఆ ఊరి మనిషే అయి ఉంటుంది, నెలకు ఒకటి రెండు సార్లైనా పీహెచ్‌సీలో సమావేశానికి వెళ్తుంది. “మీరు సమావేశానికి ఏ ఆసుపత్రికి వెళ్తారమ్మా” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబే మీ పీహెచ్‌సీ.

గాజువాక_రమణ

అడిగాం. ఆశా కార్యకర్త మా వీధి చివరే ఉంటుందట. నాన్నగారు మొన్న వెళ్ళి తాళం చూసి వచ్చిన సంగతి చెబితే, “అదెందుకెల్లారు బాబూ, అది సబ్‌సెంటరు కదా, మనది మండలంలో పెద్దదే” అన్నదట. అంటే మండల కేంద్రంలోని పీహెచ్‌సీయే మాది. ఆ 9 కిలోమీటర్ల దూరంలోనిది అసలు పీహెచ్‌సీయే కాదు. మరి దాని పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఎందుకుంది?

సచివాలయం_చిన్నది

ఆ పేరు ఉప కేంద్రానికీ ఉంటుంది, పీహెచ్‌సీకీ ఉంటుంది. అంతకు ముందు హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు అనేవాటికి 2023 చివరలో కేంద్ర ప్రభుత్వం ఆ పేరు పెట్టింది. మన రాష్ట్రంలో ఉప కేంద్రాలకు విలేజ్ హెల్త్ క్లినిక్ అనే పేరు కూడా ఉండేది. ఒకే భవనానికి పాత బోర్డు ఒక పేరుతో, కొత్త బోర్డు ఇంకొక పేరుతో, మ్యాప్‌లో మూడో పేరుతో ఉండటం చూస్తూనే ఉన్నాం. పేరు చూసి తేల్చుకోలేరు. లోపల ఎవరున్నారో చూసి తేల్చుకోవాలి. డాక్టరు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, స్టాఫ్ నర్సులు ఉంటే అది పీహెచ్‌సీ. ఏఎన్‌ఎం, ఆమెతో పాటు ఎంఎల్‌హెచ్‌పీ అనే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి మాత్రమే ఉంటే అది ఉప కేంద్రం. ఏఎన్‌ఎం ఇళ్ళకు తిరగడానికి వెళ్ళి, ఎంఎల్‌హెచ్‌పీ సెలవులో ఉంటే ఉప కేంద్రానికి తాళం పడటం వింతేమీ కాదు.

పటాల_మూర్తి

దగ్గరున్నదే మీది అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. స్థలం విషయంలో మాత్రం నాకు తెలిసినది చెబుతాను. మండల కేంద్రం పేరుతో వెతికితే ఒకే పీహెచ్‌సీకి రెండు గుర్తులు కనిపిస్తున్నాయా?

గాజువాక_రమణ

అవునండి, ఇప్పుడే చూశాను. రెండూ ఒకే పేరుతో ఉన్నాయి, వాటి మధ్య సుమారు 700 మీటర్ల దూరం ఉంది.

పటాల_మూర్తి

ఇది తరచుగా జరిగేదే. ఒక కారణం ఏమిటంటే, ఎవరో ఆసుపత్రిని మ్యాప్‌లో చేర్చేటప్పుడు అసలు భవనం మీద కాకుండా ఊరి పేరు ఉన్నచోట, అంటే ఊరి నడిబొడ్డున గుర్తు పెట్టేస్తారు. రెండో కారణం, కొత్త భవనం కట్టాక ఆసుపత్రి అక్కడికి మారినా పాత భవనం గుర్తును ఎవరూ తీసివేయరు. ‘నాడు–నేడు’ పనుల్లో చాలా భవనాలు కొత్తగా కట్టారు, మరికొన్ని మరమ్మతు జరిగినన్నాళ్ళూ వేరే చోట నడిచాయి.

మీరు ఆ రెండు గుర్తులకూ ఉన్న ఫోటోలు తెరిచి, అవి ఏ సంవత్సరం నాటివో చూడండి. ఐదారేళ్ళ నాటి ఫోటోలే ఉండి ఆ తరువాత ఒక్కటీ లేకపోతే అనుమానించాలి. ఉపగ్రహ చిత్రంలో ఆవరణ, ప్రహరీ, అంబులెన్సు తిరగడానికి చోటు ఉన్న భవనం ఏదో కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఆరోగ్య సంస్థల నమోదు facility.abdm.gov.in లో కూడా పేరుతో వెతకవచ్చు. కానీ అందులోని స్థలం కూడా ఎవరో ఒకరు చేత్తో నింపినదే కనుక అదే చివరి మాట అనుకోకండి. ఊరి పేర్ల విషయంలో గందరగోళం ఉంటే lgdirectory.gov.in లో మీ గ్రామం కోడ్ చూసి పెట్టుకోండి. మన రెండు జిల్లాల్లో వలసలు, పేటలు, అగ్రహారాలు ఒకే పేరుతో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. జిల్లా మారినా ఊరి కోడ్ మాత్రం అదే ఉంటుంది.

వీటన్నిటికన్నా మేలైనది, ఆశా కార్యకర్త తదుపరి సమావేశానికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర నిలబడి వాట్సాప్‌లో తన లొకేషన్ పంపమనండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఎవరో పెట్టిన గుర్తు కాదు, మనిషి నిలబడిన చోటు.

సీతంపేట_పంతులమ్మ

మా ఏజెన్సీలో ఆ లొకేషన్ పంపడమే కుదరదండి, సగం చోట్ల సిగ్నల్ ఉండదు. మా దగ్గర వేళల కన్నా వారమే ముఖ్యం. సంత రోజున కొండ మీది ఊళ్ళ వారందరూ దిగుతారు కనుక ఆ రోజు ఆసుపత్రి కిటకిటలాడుతుంది. బుధవారం, శనివారం టీకాల పని ఉంటుంది కనుక ఏఎన్‌ఎం ఉప కేంద్రంలో కూర్చుని ఉండదు. అన్నట్టు మా సీతంపేట కూడా శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు మారింది. మా పిల్లల్లో సగం మంది చిరునామాలో ఇంకా శ్రీకాకుళమే రాస్తారు.

విశ్రాంత_సూపర్‌వైజర్

పంతులమ్మ గారు వేళల మాట ఎత్తారు కనుక చెబుతాను. “ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది” అన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. భవనం ఎప్పటివరకు తెరిచి ఉంటుంది, డాక్టరు ఎప్పటివరకు చూస్తారు, ల్యాబ్‌లో రక్తం ఎప్పటివరకు తీసుకుంటారు అన్నవి మూడూ వేర్వేరు. ఇరవైనాలుగు గంటల పీహెచ్‌సీ అయితే రాత్రి కూడా స్టాఫ్ నర్సు ఉంటుంది. కానీ అది కాన్పులకు, అత్యవసరాలకు. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి నెల మందులు అడిగితే ఇవ్వరు. ఓపీ విషయానికి వస్తే, 2012 నాటి జాతీయ ప్రమాణాల్లో రోజుకు ఆరు గంటలు, ఉదయం నాలుగు, మధ్యాహ్నం తరువాత రెండు, వారానికి ఆరు రోజులు అని ఉంది. ఏ గంటకు మొదలుపెట్టాలన్నది రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి.

రమణ గారి నాన్నగారికి పరగడుపున షుగర్ పరీక్ష చేయించాలి కాబట్టి ఆయనకు పనికివచ్చేది ల్యాబ్ వేళ. ఫోన్ చేసేటప్పుడు “ఆసుపత్రి తెరిచి ఉంటుందా” అని అడగకండి, ఉంటుందనే చెబుతారు. “ఫాస్టింగ్ షుగర్‌కు ఎన్నింటిలోపు రావాలి, ఆ రోజు డాక్టరు గారు పీహెచ్‌సీలోనే ఉంటారా, 104 వాహనంతో ఊళ్ళకు వెళ్తారా” అని అడగండి. ఒక డాక్టరు ఊళ్ళకు వెళ్తే రెండోవారు ఆసుపత్రిలో ఉండాలన్నది ఏర్పాటు. రెండోవారు సెలవులో ఉన్న రోజున ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షలు ఉంటాయి కనుక ఆ రోజు మాత్రం పెద్దాయనను పంపకండి.

టెక్కలి_రైతు

మా పీహెచ్‌సీలో సాయంత్రం ఐదింటికి కూడా డాక్టరు చూశారు, నేను స్వయంగా చూపించుకున్నాను.

విశ్రాంత_సూపర్‌వైజర్

చూసి ఉంటారు. ఆ డాక్టరు ఆ ఊళ్ళోనే కాపురం ఉంటే చూస్తారు. అది ఆ డాక్టరు మంచితనం, ఆసుపత్రి వేళ కాదు.

టెక్కలి_రైతు

బోర్డు మీద కూడా అలాగే ఉందని నాకు గుర్తు. ఈసారి వెళ్ళినప్పుడు ఫోటో తీసి పెడతాను.

గాజువాక_రమణ

ఈ మంగళవారం నాన్నగారు వెళ్ళి వచ్చారు. ఆశా కార్యకర్త ముందు రోజే గేటు దగ్గర నుంచి లొకేషన్ పంపింది. అది మ్యాప్‌లోని రెండు గుర్తులలో దేని మీదా సరిగ్గా పడలేదు. రాజాం రోడ్డు వైపు ఉన్న గుర్తుకు 60 మీటర్ల దూరంలో ఉంది. రెండో గుర్తు ఉన్నచోట పాత భవనం ఉందట, దాని వరండాలో ఎవరో ధాన్యం బస్తాలు పేర్చుకున్నారని నాన్నగారు చెప్పారు. మూర్తి గారు చెప్పినట్టు, ఆ గుర్తు మూతపడినదని మ్యాప్‌కు తెలియజేశాను.

నాన్నగారు ఉదయం ఎనిమిదిన్నరకే ఏమీ తినకుండా వెళ్ళారు. ల్యాబ్‌లో రక్తం తొమ్మిదిన్నర దాటాక తీసుకున్నారు. టిఫిన్ డబ్బా వెంట తీసుకువెళ్ళారు కనుక ఇబ్బంది పడలేదు. ఫార్మసీ కిటికీ దగ్గర నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు. ఆయన పేరును మా ఉప కేంద్రం పేరుతో రాసుకుని, వచ్చే నెల నుంచి ఊళ్ళోకే 104 వస్తుంది కాబట్టి అక్కడే తీసుకోవచ్చని చెప్పారట. ఆ వాహనం మా ఊరికి ఏ తేదీల్లో వస్తుందో ఏఎన్‌ఎం చెబుతుందన్నారు. ఇంకా చెప్పలేదు.

వేళల బోర్డును ఫోటో తీయమన్నాను, తీశారు. ఓపీ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 అని ఉంది. ఆదివారం గడి దగ్గర రంగు పెచ్చులూడిపోయి ఏమీ కనిపించడం లేదు. మ్యాప్‌లో మాత్రం ఆదివారం కూడా ఇరవైనాలుగు గంటలు అని ఉంది. నర్సును అడిగితే, “అవసరం పడితే రండి, ఎవరో ఒకరం ఉంటాం” అన్నదట. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి, సూపర్‌వైజర్ గారూ?

విశ్రాంత_సూపర్‌వైజర్

గుండెనొప్పికి, కాన్పుకు, పాముకాటుకు రమ్మని అర్థం. మాత్రలకైతే సోమవారం వెళ్ళమనండి. 104 తేదీలు ఈ నెలాఖరులోపు తెలియకపోతే మీ సచివాలయంలో అడగండి. అక్కడ కూడా లేకపోతే ఇక్కడే మళ్ళీ రాయండి, విజయనగరంలో ఎవరిని అడగాలో చెబుతాను.